గుమాస్తా పోస్టుకు తెలుగు దరఖాస్తు: కాగితం బ్యాంకుకు చేరాక ఏం జరుగుతుంది

చిత్తూరులో ఒక సహకార బ్యాంకు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఉద్యోగ ప్రకటన వేసినప్పుడల్లా వచ్చే దరఖాస్తులు మొదట నా బల్ల మీదకే వచ్చేవి. ఇప్పుడు రిటైరయ్యాక కూడా తెలిసినవాళ్ల పిల్లలు ‘బ్యాంకులో క్లర్కు పోస్టు పడింది, అప్లికేషన్ తెలుగులో రాయాలంట, ఒక మోడల్ ఇవ్వండి’ అని వస్తుంటారు. మోడల్ ఇవ్వడం తేలికే. అందులో ఏ మాట ఎందుకుందో తెలియకుండా ఎత్తి రాసుకుంటేనే తంటా.

ముందు ఒక చిక్కు విప్పాలి. బ్యాంకు గుమాస్తా ఉద్యోగం అనగానే అన్నిచోట్లా ఉత్తరం పనికొస్తుందనుకోవద్దు. జాతీయ బ్యాంకుల్లో క్లర్కు పోస్టులు ఐబీపీఎస్ పెట్టే ఉమ్మడి పరీక్ష ద్వారా భర్తీ అవుతాయి. 2025 నుంచి ఆ పోస్టును కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అంటున్నారు. స్టేట్ బ్యాంకు తన పరీక్ష తానే పెట్టుకుంటుంది, అక్కడ పేరు జూనియర్ అసోసియేట్. గ్రామీణ బ్యాంకులో అదే పనికి ఆఫీస్ అసిస్టెంట్ అని పేరు. చిత్తూరు కేంద్రంగా ఉండిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరో మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. వీటన్నిటికీ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. బ్రాంచి మేనేజర్‌కు ఎంత చక్కటి తెలుగులో ఉత్తరం రాసిచ్చినా ఆయన చేయగలిగింది లేదు. చాలామంది పిల్లలు ఈ సంగతి తెలియక తిరుపతిలో బ్రాంచి బ్రాంచికీ కాగితాలు పట్టుకుని తిరగడం చూశాను.

ఉత్తరానికి విలువ ఉండేది పట్టణ సహకార బ్యాంకుల్లో, ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘాల్లో, సొంతంగా పత్రికా ప్రకటన ఇచ్చి కొద్ది పోస్టులు నింపుకునే చోట్ల. ఆ ప్రకటనలోనే ‘స్వదస్తూరితో రాసిన దరఖాస్తులు కోరడమైనది’ అని ఉంటుంది. ఉద్యోగి చనిపోతే కుటుంబంలో ఒకరు పెట్టుకునే కారుణ్య నియామకం దరఖాస్తు కూడా ఉత్తరమే కానీ, దాని లెక్క పూర్తిగా వేరు. దాని గురించి కింద ఒక ముక్క చెబుతాను.

ఇక అసలు విషయం. దరఖాస్తు చదివేది ఎవరు? పైన రాసేది కార్యదర్శి పేరిటే అయినా, కవరు విప్పేది ఇన్‌వర్డ్ గుమాస్తా. ముద్ర వేసి, నంబరు వేసి, రిజిస్టర్లో ఎక్కిస్తాడు. అక్కడి నుంచి అది నాలాంటివాడి దగ్గరకొస్తుంది. నా చేతిలో ఒక గళ్ల కాగితం ఉండేది. గడువులోపల వచ్చిందా, వయస్సు సరిపోయిందా, చదువు సరిపోయిందా, కంప్యూటర్ సర్టిఫికెట్ ఉందా, సంతకం ఉందా, జతపరచినవి అన్నవి నిజంగా జతలో ఉన్నాయా? ఒక్కో గడిలో టిక్కు పెట్టుకుంటూ పోవాలి. ఏదో ఒక గడి ఖాళీగా ఉంటే ఆ కాగితం పక్కకు పోతుంది. కార్యదర్శి దాకా వెళ్లేవి టిక్కులన్నీ పడ్డవే. అంటే మీ ఉత్తరంలోని మర్యాద మాటలు ఆయన చదవాలంటే, ముందు నా గళ్లు నిండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చంద్రగిరి దగ్గర పల్లె అమ్మాయి. బి.కాం. చదివింది. దామలచెరువులో ఒక మామిడి మండీలో సుమారు మూడేళ్లు లెక్కలు రాసింది. తిరుపతిలో ఒక పట్టణ సహకార బ్యాంకు రెండు గుమాస్తా పోస్టులకు ప్రకటన వేసిందనుకుందాం. 2025 జూలై 1 నాటికి 18 నుంచి 30 ఏళ్ల వయస్సు, ఏదైనా డిగ్రీ, కంప్యూటర్ పరిజ్ఞానం కావాలి. దరఖాస్తు స్వదస్తూరితో జూలై 31లోగా చేరాలి. ఆ అమ్మాయి మొదట రాసి తెచ్చే చిత్తుప్రతి దాదాపు ఇలా ఉంటుంది. ఇలాంటివి నేను వందల్లో చూశాను:

‘గౌరవనీయులైన శ్రీశ్రీశ్రీ మేనేజర్ గారి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది ఏమనగా, నేను మీ బ్యాంకులో గుమాస్తా ఉద్యోగానికి ధరకాస్తు చేయడానికి చాలా ఆసక్తిగా ఉన్నాను. మాది చాలా బీద కుటుంబం. నాన్నగారు కూలి పని చేస్తారు. తమరు దయతలచి ఈ ఉద్యోగం ఇప్పిస్తే మా కుటుంబం తమ పేరు చెప్పుకుని బతుకుతుంది. నాకు డిగ్రీ ఉంది, కంప్యూటర్ వచ్చు. కష్టపడి నిజాయితీగా పనిచేస్తానని హామీ ఇస్తున్నాను. ఇట్లు మీ విశ్వాసపాత్రురాలు.’

ఇందులో నా గళ్లలో ఒక్కటైనా నిండిందా? వయస్సు లేదు. డిగ్రీ ఏదో, ఎప్పుడో, ఎక్కడిదో లేదు. ఏ ప్రకటన చూసి రాసిందో లేదు. మూడేళ్లు మండీలో లెక్కలు రాసిన సంగతి అసలే లేదు. అడిగితే ‘అది ప్రైవేటు పని కదా సార్, రాయొచ్చో లేదో’ అంటారు. బ్యాంకు గుమాస్తాకు కావలసిన పని అదే. రైతుకు తూకం చీటీ రాయడం, డబ్బు లెక్కపెట్టి ఇవ్వడం, సాయంత్రానికి చిట్టా, చేతిలోని నగదు సరిచూడటం, ఆవర్జాలోకి ఎక్కించడం. కౌంటరులో కూర్చున్న మొదటి రోజు నుంచి చేయాల్సింది ఇంతకంటే పెద్ద తేడాగా ఉండదు.

బీదరికం మాట రాయకూడదా అంటే, అది అవమానమని కాదు. గుమాస్తా పోస్టుకు దానికి గడి లేదు, అంతే. వర్గాన్ని బట్టి రిజర్వేషన్ ఉంటే దానికి సర్టిఫికెట్ ఉంటుంది, దాన్ని జతపరిస్తే చాలు. కారుణ్య నియామకంలో మాత్రం ఇంటి పరిస్థితే అసలు విషయం. ఎంతమంది ఆధారపడి ఉన్నారు, పింఛను ఎంత వస్తుంది, సంపాదించేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అన్నవి అక్కడ అంకెలతో సహా రాయాలి. ఆ ఉత్తరం నకలు ఎవరి దగ్గరో చూసి ఈ ఉత్తరంలో అతికిస్తే ఇలాంటి చిత్తుప్రతే తయారవుతుంది.

మర్యాద మాటలకు వద్దాం. అందరూ ఎక్కువ టెన్షన్ పడేది ఇక్కడే.

పాతకాలపు ఉత్తరాల్లో ‘దివ్యసముఖమునకు’, ‘చిత్తగించవలెను’ వంటివి ఉండేవి. మా నాన్న తరం అర్జీలు అలాగే రాసేవాళ్లు. ఆ పలుకుబడి అంతా ఒకే తూకంలో ఉండేది, మొదటి నుంచి చివరి దాకా గ్రాంథికమే. ఇప్పుడు చిక్కేమిటంటే మొదటి వాక్యం ‘వ్రాయునది ఏమనగా’ అని మొదలై, రెండో వాక్యానికి ‘ఆసక్తిగా ఉన్నాను’లోకి జారుతుంది. పంచె మీద టీ షర్టు వేసుకున్నట్టుంటుంది. ఏదో ఒక తీరు పట్టుకోండి. నా సలహా మామూలు రాత భాషే: రాస్తున్నాను, సమర్పిస్తున్నాను, కోరుతున్నాను. ‘విషయం’ దగ్గర మాత్రం ‘సమర్పించుట గురించి’ అనే ఆఫీసు వాడుక ఉండనివ్వొచ్చు, అది ఫైలు భాష, ఎవరికీ ఎబ్బెట్టుగా తోచదు.

‘శ్రీశ్రీశ్రీ’ పీఠాధిపతులకు. ‘పాదపద్మములు’ కొండ మీద స్వామికి. కార్యదర్శికి ‘గౌరవనీయులైన కార్యదర్శి గారికి’ చాలు. ‘గారు’ అన్నదే తెలుగులో మర్యాదకు మూలం, దాని మీద ఇంకేం పేర్చినా బరువు పెరుగుతుందే తప్ప గౌరవం పెరగదు. పేరు తెలిసినా హోదాతోనే రాయడం మేలు. మీ కాగితం చేరేలోపు ఆయన బదిలీ అయిపోవచ్చు, లేదా కొత్త కార్యదర్శి ఒక మేడమ్ కావచ్చు. ‘అయ్యా’ అని పిలుపు రాసే ముందు కూడా ఈ సంగతి ఒకసారి కనుక్కోండి. తెలియకపోతే ‘అయ్యా / అమ్మా’ అని రాయొచ్చు. హోదా ఏమిటన్నది ప్రకటనలోనే ఉంటుంది. కొన్ని బ్యాంకుల్లో కార్యదర్శి, కొన్నిట్లో ముఖ్య కార్యనిర్వహణాధికారి, పాలకవర్గం లేనిచోట పర్సన్ ఇన్‌ఛార్జి. ప్రకటనలో ఎలా ఉంటే అలాగే. ‘మేనేజర్’ అంటే బ్రాంచికి పెద్ద, నియామకాలతో ఆయనకు పనిలేదు.

ఎదుటివారిని ‘మీరు’ అనాలా, ‘తమరు’ అనాలా? రెండూ మర్యాదే. ఉద్యోగ దరఖాస్తులో ‘తమ బ్యాంకు’ అనడం ఇప్పటికీ వాడుకలో ఉంది, వినసొంపుగానూ ఉంటుంది. ఒకటి ఎంచుకుంటే చివరిదాకా అదే ఉంచండి. ఒక వాక్యంలో ‘మీ’, ఇంకో వాక్యంలో ‘తమ’ ఉంటే రెండు చోట్ల నుంచి ఎత్తి రాశారని తెలిసిపోతుంది.

చివర ‘విశ్వాసపాత్రుడు’ అన్నది ఇంగ్లీషు ఉత్తరం చివరి మాటకు ఎవరో చేసిన తర్జుమా. తెలుగులో విశ్వాసం అనగానే మనకు గుర్తొచ్చేది ఇంటి కుక్క. ‘విధేయుడు’, ఆడపిల్లైతే ‘విధేయురాలు’ అన్నది మన ఆఫీసు ఉత్తరాల్లో పాతుకుపోయిన మాట. అబ్బాయి నకలు చూసి రాసి ‘విధేయుడు’ అని సంతకం పెట్టిన అమ్మాయిల దరఖాస్తులు మా సెక్షన్లో ఏటా రెండు మూడైనా ఉండేవి. దానికి ఎవరినీ తీసేయలేదు, నవ్వుకున్నాం మాత్రం.

అసలైన తేడా చివరి కోరికలో ఉంటుంది. ‘ఉద్యోగం ఇప్పించవలసిందిగా ప్రార్థన’ అని రాస్తారు. కార్యదర్శి ఉద్యోగం ఇప్పించలేరు. పరీక్ష, ఇంటర్వ్యూ, ఆ పైన పాలకవర్గం తీర్మానం ఉంటాయి. ఈ దరఖాస్తు మీద ఆయన చేయగలిగింది పరీక్షకో ఇంటర్వ్యూకో పిలవడం. అదే అడగాలి. ఆయన చేతిలో ఉన్నదాన్నే అడగడం కూడా ఒక మర్యాదే.

ఇదంతా పెట్టుకుని ఆ అమ్మాయి మళ్లీ రాస్తే ఇలా వస్తుంది. పేరు, బ్యాంకు, పత్రిక ఖాళీగా వదిలాను:

చంద్రగిరి,
14-07-2025.

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,
………… సహకార పట్టణ బ్యాంకు,
తిరుపతి.

విషయం: గుమాస్తా పోస్టుకు దరఖాస్తు సమర్పించుట గురించి.
సూచిక: ………… దినపత్రికలో 05-07-2025న వచ్చిన తమ బ్యాంకు ప్రకటన.

అయ్యా,

నమస్కారం. పై ప్రకటన చూసి, తమ బ్యాంకులోని గుమాస్తా పోస్టుకు ఈ దరఖాస్తు సమర్పిస్తున్నాను.

నా పుట్టిన తేదీ 17-08-1998. ప్రకటనలో తెలిపిన 01-07-2025 నాటికి నా వయస్సు 26 సంవత్సరాల 10 నెలల 14 రోజులు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి 2019లో బి.కాం. 68 శాతం మార్కులతో ఉత్తీర్ణురాలినయ్యాను. 2020లో కంప్యూటర్ అప్లికేషన్స్‌లో డిప్లొమా పూర్తి చేశాను. ఆ తర్వాత బ్యాంకు పరీక్షలకు సిద్ధమయ్యాను.

2022 మే నుంచి 2025 మార్చి వరకు దామలచెరువులోని ఒక మామిడి మండీలో లెక్కలు రాశాను. రైతుల తూకం చీటీలు, చెల్లింపులు, రోజువారీ చిట్టా, ట్యాలీలో నమోదు నా పని. సీజన్‌లో నగదు చెల్లింపులు కూడా నేనే చూసేదాన్ని. తెలుగు, ఇంగ్లీషు చదవడం, రాయడం వచ్చు. తమిళం మాట్లాడగలను.

పై వివరాలను పరిశీలించి, నన్ను రాత పరీక్షకు, ఇంటర్వ్యూకు పిలవవలసిందిగా కోరుతున్నాను. పైన తెలిపినవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
(సంతకం)
…………

చిరునామా, ఫోన్ నంబరు: …………

జతపరచినవి:
1. పదో తరగతి మార్కుల జాబితా నకలు
2. బి.కాం. ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల జాబితా నకళ్లు
3. కంప్యూటర్ డిప్లొమా నకలు
4. మండీ యజమాని ఇచ్చిన అనుభవ పత్రం
5. ఆధార్ నకలు

పేజీ కూడా నిండలేదు. నిండనక్కర్లేదు. ఇందులో కొన్ని సంగతులు కాస్త వివరంగా చెప్పాలి.

వయస్సును రోజులతో సహా ఎందుకు రాశాం? ప్రకటనలో ‘ఫలానా తేదీ నాటికి’ అని ఉంటుంది. దరఖాస్తు రాసే రోజుకు లెక్కవేస్తే తప్పొస్తుంది. 1998 ఆగస్టు 17 నుంచి 2024 ఆగస్టు 17కు 26 ఏళ్లు నిండాయి. అక్కడి నుంచి 2025 జూన్ 17కు 10 నెలలు. జూన్ 17 నుంచి జూలై 1కి 14 రోజులు. ఈ అమ్మాయికి గరిష్ఠ వయస్సుతో ఇబ్బంది లేదు కానీ, 29 దాటి 30కి దగ్గరపడ్డవాళ్లకు ఈ లెక్క మీదే అంతా ఆధారపడుతుంది. మీరే వేసి ఇస్తే, గళ్ల కాగితం ముందు కూర్చున్నవాడు దాన్ని ఒకసారి సరిచూసి టిక్కు పెట్టేస్తాడు. పుట్టిన తేదీకి పదో తరగతి జాబితానే ప్రమాణం. ఆధార్‌లో వేరే తేదీ ఉంటే ముందు అది సరిచేయించుకోండి, అది ఉత్తరంలో సర్దిచెప్పే విషయం కాదు.

పేరు సంగతి ఇంతకంటే ముఖ్యం. మన వైపు పదో తరగతి జాబితాలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది. ఆధార్‌లో పూర్తిగా, ఒక్కోసారి చివర ఉంటుంది. పెళ్లయినవాళ్లకు భర్త ఇంటిపేరు చేరుతుంది. మూడు కాగితాల్లో మూడు పేర్లు కనిపిస్తే నాలాంటివాడు ఆగిపోతాడు, ఈమె ఆమేనా అని. ఉత్తరంలో పేరు పదో తరగతి జాబితాలో ఉన్నట్టే రాసి, దాని కిందే ‘ఆధార్‌లో ఇలా ఉంది’ అని ఒక్క వాక్యం చేర్చండి. మా జిల్లాల్లో ఇంకో చిక్కు కూడా వచ్చి చేరింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకుముందు చదివిన చంద్రగిరి పిల్లల సర్టిఫికెట్లన్నిట్లో చిత్తూరు జిల్లా అనే ఉంటుంది. చిరునామాలో ‘తిరుపతి జిల్లా (పూర్వపు చిత్తూరు జిల్లా)’ అని రాస్తే ప్రశ్న రాకముందే జవాబు చెప్పినట్టు.

‘తమిళం మాట్లాడగలను’ అన్న ముక్కను ఆ అమ్మాయిలాంటివాళ్లు రాయరు, అది అర్హత అని వాళ్లకు తోచదు. మాది మూడు రాష్ట్రాలు కలిసే చోటు. నగరి, సత్యవేడు వైపు కౌంటరు ముందు నిలబడే మనిషి తమిళంలో మొదలుపెడతాడు, కుప్పం వైపు కన్నడం కూడా వినిపిస్తుంది. బంగారం కుదువపెట్టడానికి వచ్చిన ముసలావిడకు వడ్డీ లెక్క ఆమె భాషలో చెప్పగలిగిన గుమాస్తా ఏ బ్రాంచికైనా కావాలి. భాష ఎంతవరకు వచ్చో అంతే రాయండి. మాట్లాడటం మాత్రమే వస్తే ‘మాట్లాడగలను’ దగ్గర ఆపండి, ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు తమిళ పేపరు చేతికివ్వొచ్చు.

2020కీ 2022కీ మధ్య ఖాళీని దాచకుండా ఒక వాక్యంలో చెప్పాం చూడండి. చెప్పకపోతే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అదే అవుతుంది.

స్పెల్లింగుల సంగతి త్వరగా చెబుతాను. తెలుగు దరఖాస్తుల్లో తప్పులు పదే పదే ఒత్తుల దగ్గరే పడతాయి. దరఖాస్తును ‘ధరకాస్తు’ అని, విద్యార్హతను ‘విధ్యార్హత’ అని, అభ్యర్థిని ‘అభ్యర్ధి’ అని, ధ్రువీకరణను ‘దృవీకరణ’ అని రాస్తారు. గుమాస్తా చేసేది రాతపని కాబట్టి, మొదటి కాగితంలోనే ఇవి కనిపిస్తే కాస్త చులకన అవుతుంది. ఈ నాలుగు మాటలూ చూసుకుంటే సగం తప్పులు పోతాయి.

స్వదస్తూరితో అని ఉంటే టైపు చేయించకండి. అలా అననిచోట టైపు చేయించుకోవచ్చు. తిరుపతి డీటీపీ షాపుల్లో ఎక్కువగా పాత అను ఫాంట్లలో కొడతారు. ప్రింటు తీసి ఇస్తే అది బాగానే ఉంటుంది. అదే ఫైలును ఈమెయిల్‌లో పంపితే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంకాని గీతలు కనిపిస్తాయి. పీడీఎఫ్ చేయించి, ముందు మీ ఫోన్‌లో తెరిచి చూసుకుని పంపండి.

చేత్తో రాసేటప్పుడు ఎడమవైపు రెండు వేళ్ల వెడల్పు వదలండి. ఫైలుకు రంధ్రం వేసి ట్యాగు కట్టేది అక్కడే. అంచు దాకా రాసిన ఉత్తరాల్లో వాక్యాల మొదటి అక్షరాలు ట్యాగు కిందకు పోతాయి. నకళ్ల మీద అడిగితే గెజిటెడ్ అధికారితో ధ్రువీకరణ చేయించాలి, అడగకపోతే మీరే సంతకం, తేదీ వేస్తే చాలు. జతపరచిన కాగితాలు జాబితాలోని వరసలోనే ఉంచండి. అసలు సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ పంపకండి, అవి ఇంటర్వ్యూలో చూపించడానికే.

గడువు అంటే బ్యాంకుకు చేరాల్సిన రోజు, పోస్టు చేసే రోజు కాదు. ఈ ఒక్క విషయంలో ఏటా పదిమందైనా మోసపోయేవాళ్లు. జూలై 31 గడువైతే 30న చంద్రగిరిలో పోస్టు చేసిన కవరు ఒకటో తారీఖున వచ్చేది, దాని మీద ‘గడువు దాటింది’ అని రాయాల్సింది నేనే. తిరుపతిలోనే కాబట్టి బస్సెక్కి వెళ్లి ఇవ్వడం మేలు. కవరు మీద పైన ‘గుమాస్తా పోస్టుకు దరఖాస్తు’ అని రాయండి. ఉత్తరం జిరాక్సు ఒకటి వెంట తీసుకెళ్లి, ఇన్‌వర్డ్‌లో దాని మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. తర్వాత పిలుపు రాలేదని ఫోన్ చేస్తే అవతలివాళ్లు మొదట అడిగేది ఆ నంబరే.